కిందనా పైననా అని అడిగినం

జగిత్యాల బస్టాండు ఎనుక మా ఆఫీసు, రెండు రూములు. ఆడోళ్లకు కుట్టుపని నేర్పిచ్చుడు మా పని. పేర్లు రాసుకునుడు జగిత్యాలల, ట్రైనింగ్ సిరిసిల్లల. రెండు నెలలు తినుడు, పండుడు అక్కడ్నే. ఆఖరుకు సర్టిఫికెట్ ఇస్తుంటిమి. అది చూపిస్తే సిరిసిల్ల సేట్లు లంగలు కుట్టే పని ఇస్తుండిరి.

అవి నక్సలైట్ల రోజులు. పొద్దుగూకితే మా దిక్కు బస్సులు బందు. నలుగురు ఒక్కకాడ కూసుంటే ఠాణాకు ఖబరియ్యాలె. ఊర్లకెల్లి అచ్చినోళ్లు కాయితం చూస్తెనే ఇంత దూరం జరుగుతుండిరి, కొత్తగ పేరు రాయించుకునుడంటే మరీ భయం.

గసొంటి కాలంల పట్నంకెల్లి కొత్త ఫారం అచ్చింది. అంగవైకల్యం ఉన్నోళ్లను గూడ చేర్చుకోవాలన్నరు, మంచిదే. కని ఫారంల ఏమడిగిండ్రు? ఏ అవయవం, ఎంత శాతం, ఎప్పుడయింది, ఎట్లయింది. మా సారు మంచోడే గని నోరు పెద్దది. గా ప్రశ్నలన్ని హాలుల అందరి ముంగట గట్టిగ సదివిండు, సంతల బర్రెను బేరమాడినట్టు.

వీర్నపల్లి దిక్కుకెల్లి ఒక పిల్ల అచ్చింది. ఇరువై ఏండ్లుంటయేమో. ఎడమ మోకాలు వంగదు, బల్ల అంచు పట్టుకొని నిలవడ్డది. సారు అడిగిండు, "కాలుకేమైంది?"

"ఏం కాలే సారూ."

"కుంటుతున్నవు గదనమ్మా!"

"ముల్లిరిగింది."

"మరి మేం ఏమన్న చెయ్యాల్నా నీకు?"

"ఏమద్దు."

సారు 'అవసరాలు లేవు' అని రాసిండు. ఆమెకు సిరిసిల్లల పైఅంతస్తు రూం పడ్డది. పక్కన రసీదులు రాసుకుంట నేనంత చూస్తనే ఉన్న. 'కాలు వంగదు, కింది రూం ఇయ్యుండ్రి' అంటే, ఎనుకంబడే 'ఎట్లయింది' అని అస్తది. అందుకే మొదటి మాటనే మింగింది. గా సంగతి నాకు అప్పుడే సమజైంది, సారుకు కాలే.

సిరిసిల్లల మా ట్రైనింగ్ ఇల్లు కిరాయిది, మిషిన్లు చూసుకుంట నేను గూడ అక్కడ్నే ఉంటుంటి. చుట్టూత బట్ట నేసే సాంచెల చప్పుడు, మాట్లాడితే అరవాలె. పండుకునే రూములు పైన, పైఖానా కింద. గా పిల్ల మెట్ల మీద కూసొని, ఎనుకకు ఎనుకకు జరుక్కుంట ఎక్కుతుండె. మాటిమాటికి దిగాల్నని నీళ్లు తాగుడు బందు పెట్టింది. ఒకనాడు మిషిను మీదనే కండ్లు తిరిగి పడ్డది. మొఖం మీద నీళ్లు జల్లి లేపితే, లేసి సంచి సదురుకుంటున్నది.

"నాకు సరిపడలేదక్కా, పోత," అన్నది.

"సేటుకేం చెప్తవు మరి?"

సర్టిఫికెట్ తెస్తే పని ఇస్తనని ఒక సేటు ఆమెకు మాటిచ్చిండట. ఉత్త చేతులతోటి పోతే బతికినన్ని రోజులు అన్న ఇంట్ల వదిన పెట్టింది తినుడే. సంచిని ఒళ్లె పెట్టుకొని ఏడ్వబట్టింది. ఒక్క దినం ఆగుమని బతిమిలాడి, పొద్దుగాల్నే బస్సెక్కి జగిత్యాల పోయి సారు మీద పడ్డ.

"పట్నపోళ్లు అడుగుమన్నరు, నేనేం చేద్దునే?" అన్నడు సారు.

"పట్నపోళ్లకు పైఖానా పైన్నే ఉంటది సారూ. కాలు ఎట్లపాయెనో మనకెందుకు? మనం ఇయ్యాల్సింది రూము. రూము సంగతి అడుగుదాం."

సారు సరే అన్నడు. మంచోడన్న గదా!

మర్నాడు సిరిసిల్లల మల్ల మొదటికెల్లి రాసినం. ఈసారి ఒక్కొక్కలను వంటింట్లకు పిలిచి, తలుపు దగ్గరికేసి అడిగిన. కుంటామె, గుడ్డామె అని చూడలే, అందరికి అవే మాటలు. "కింద పండుతవా, పైననా? చాప మీద కూసుంటవా, కుర్చీ కావాల్నా? కాలుతోటి తొక్కే మిషినా, చేతితోటి తిప్పేదా? చెప్పేది మంచిగ ఇనవడుతదా, ఎవలన్న పక్కకు కూసొని సైగల చెప్పాల్నా? ఇంకేమన్న ఉంటే చెప్పు. చెప్పకున్నా నీ సీటు యాడికి పోదు. రేపు యాదికస్తే రేపు చెప్పు. గీ కాయితం రూములు సదిరే అవ్వ, మిషిన్లు చూసుకునే నేను తప్ప ఎవలు చూడరు."

కోరుట్ల ఆమె ఒకతి, బొద్దుగ, నడిస్తే భూమి అదిరేది, పకపక నవ్వింది. "నాకు ఏ రోగం లేదు గని మెట్లెక్కుమంటే ఆయాసమత్తది. కింద రాయి బిడ్డా!" అన్నది. ఆమెను చూసి ఇంకో ముగ్గురు కింద రాయించుకున్నరు. దారం బస్తాలు పెట్టే రూం ఖాళీ చేసినం. చేతితోటి తిప్పే మూడు గీరెల బండి మీద అచ్చే ఆమె గడపకాడ చెక్క ఏటవాలుగ ఎయ్యమన్నది. అడిగినంత తేలికనే అయిపాయె.

కోరుట్లకెల్లే చేరిన ఇనరాని కోడలొకతి, తోడు ఉండనచ్చిన అత్తతోటి వంటింట్లకు అచ్చింది. ఏమడిగినా పక్కకున్న అత్తనే చెప్తుండె. "దానికేం తెలుస్తది, నేను సైగలు చేస్త," అన్నది. అత్తను జర బయట కూసోమని, ఆ కోడలినే సైగలతోటి అడిగిన. ఊర్ల తనతోటి బీడీలు చుట్టే దోస్తు కావాల్నని సైగ చేసింది. ఆ దోస్తును పిలిపిచ్చి, ఆమెకు గూడ అన్నం, చాప రాసి, కుట్టు నేర్పే టీచరమ్మ పక్కకే నిలవెట్టినం, ఇద్దరు ఒక్కసారే కండ్ల వడాలె గదా. వాళ్ల ఎనుక కిటికీ ఉంటే ఎలుగుకు మొఖం అవుపడదని ఇద్దరిని గోడ దిక్కుకు జరిపినం.

వీర్నపల్లి పిల్ల అందరికంటె ఆఖరుకు అచ్చింది.

"కింద," అన్నది. "చేతి మిషిను."

రాసిన. ఆమె కదలలే, నా కలం దిక్కే చూస్తున్నది.

"ఇంకేమడుగుతవు?"

"అయిపాయె, పో."

"గంతేనా?"

"గంతే. పొయ్యి కడుపునిండ నీళ్లు తాగు."

తర్వాత ఠాణాకెల్లి ఒక పోలీసాయన అచ్చి, అన్నిచోట్ల అడిగినట్టే లిస్టు అడిగిండు. పేర్లు, ఊర్లున్న లిస్టు ఇచ్చినం. వాకిట్ల ఆ పిల్లను చూసి, కాలుకెట్ల తాకిందన్నడు.

"తెల్వదు సారూ, మేం అడుగలే," అన్న.

"అడుగకుంట ఎట్ల చేర్చుకున్నరు?"

"కుట్టుపనికి ఆ సంగతి అక్కర లేకపాయె."

నా మొఖం దిక్కు చానసేపు చూసిండు. నేను గూడ చూసిన. నిజమే చెప్తుంటి, ఇగ నాకేం భయం? చాయ తాగి పోయిండు.

ట్రైనింగ్ అయిపోయిన దినం వీర్నపల్లి పిల్లను బస్సెక్కియ్య పోయిన. సర్టిఫికెట్ మడత పెట్టకుంట రవికె బట్ట అచ్చిన అట్టపెట్టెల పెట్టుకున్నది. సేటు మల్ల వారం పనిల చేరుమన్నడట. బెంచీ మీద కూసున్నంక ఆమెనే మొదలు పెట్టింది.

"అక్కా, నేను బాయిల పడ్డ. నీళ్లు తోడబోయి."

"నేను అడుగలే గదా," అన్న.

"నువ్వు అడుగలే, గందుకే చెప్తున్న. మా దిక్కు తూటా తాకినోళ్లు, ఠాణాల దెబ్బలు తిన్నోళ్లు, దవాఖానకు పోతే అందరు 'బాయిల పడ్డం' అనే చెప్తరు. నేను నిజంగనే పడ్డ. గదే చెప్పిన, గదే రాసుకున్నరు. నాది గూడ తూటా దెబ్బనే అనుకొని తెల్లారి పోలీసులచ్చి మా అన్నను గుంజుకపోయిండ్రు, మీ ఇంటికి ఎవలు వస్తున్నరని. ఇడిసిపెట్టినంక ఆయన కుడి చెయ్యి లేస్తలేదు. ఇప్పుడు చేతికేమైందని ఎవలడిగినా, ఆయన గూడ బాయిల పడ్డననే చెప్తడు."