కత్తెర బావ, కొండ మీది ఫొటో

మా బావకి ఎక్కడ ఒక మాట ఎక్కువగా కనబడినా చెయ్యి ఊరుకోదు. కొట్టేస్తారు. చొక్కా జేబులో ఎర్ర కలం లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు. స్నానాల గదిలో సంగతి మా అక్కకే తెలియాలి. ఇంటిల్లిపాదీ ఆయన్ని కత్తెర బావ అంటాం. ఆ పేరులో కూడా 'కత్తెర' ఒక్కటి చాలు, 'బావ' ఎందుకని ఒకసారి అడిగారు.

పదవీ విరమణ దాకా ఒక దినపత్రికలో ఫొటోల కింద వచ్చే వ్యాఖ్యలు రాయడమే ఆయన ఉద్యోగం. ఆ పనికి ఆయన పెట్టుకున్న సూత్రాలు మా ఇంట్లో పిల్లలకి కూడా కంఠతా వచ్చు. ఫొటోలో కనిపించేదాన్ని మళ్లీ చెప్పకు. కనిపించనిది ఏదైనా ఉంటే ఒక్కటి చెప్పు. రాసినవాడు మాత్రం ఎక్కడా కనిపించకూడదు.

నేనేమో కార్ల షోరూంలో అమ్మకాలు చూస్తాను. విశేషణాలు లేకపోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు. 'అద్భుతమైన', 'అపూర్వమైన', 'మీలాంటి వారికోసమే' అనకుండా నేను ఒక స్టెప్నీ చక్రం కూడా అమ్మలేను. అలాంటి నాకు అలాంటి బావ దొరికారు.

అక్క పుట్టినరోజుకి ఆయన ఇచ్చిన కార్డు చూసి మేమంతా నిర్ఘాంతపోయాం. 'పుట్టినరోజు' అని ఒక్క మాట ఉంది.

"శుభాకాంక్షలు ఏమయ్యాయండీ?" అంది అక్క.

"ఎదురుగా నిలబడి నవ్వుతున్నాను కదా. అది కనిపిస్తూనే ఉంది."

నాకు ప్రమోషన్ వచ్చినప్పుడు బంధువులందరినీ విందుకి పిలిచి, రెండు పేజీల ప్రసంగం రాసుకున్నాను. లేచి నిలబడి కాగితం విప్పాను. పేజీల నిండా ఎర్రగీతలు. మిగిలింది 'అందరూ భోజనానికి రండి' అన్న ముక్క. అదే చదివి కూర్చున్నాను. చప్పట్లు మాత్రం బాగా పడ్డాయి, అందరూ ఆకలి మీద ఉన్నట్టున్నారు. ఆ కోపంతో చాలాకాలం బావతో ముక్తసరిగా మాట్లాడాను. ఆయనకి అది బాగా నచ్చింది.

ఇక అసలు సంగతి. అమ్మానాన్నలకి కొండ మీది స్వామిని చూడాలని ఎప్పటి నుంచో కోరిక. అమ్మకి ఆ కోరిక ఒంటరిగా లేదు, పిన్నితో కలిసి ఉంది. అక్కాచెల్లెళ్లిద్దరూ పడుచుతనం నుంచీ 'కలిసే వెళ్దాం' అనుకుంటూ వచ్చారు. తీరా గదులు, బండి అన్నీ మాట్లాడుకున్నాక పిన్ని గుమ్మం దగ్గర జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. మంచం దిగకూడదన్నారు. 'మీరు వెళ్లిరండి' అని ఫోన్ పెట్టేసింది, అంతే. ఆ తరవాత అమ్మ ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. నర్సు ఎత్తి 'పడుకున్నారమ్మా' అనేది.

"అది పడుకోలేదురా, అలిగింది," అంది అమ్మ. "ఈ వయసులో అలిగితే మళ్లీ మాట్లాడుకునే టైం ఎక్కడుంది మాకు?"

ప్రయాణం మానేస్తానంది. నాన్న మోకాళ్లు వచ్చే ఏటికి కొండ ఎక్కనిస్తాయో లేదో. చివరికి బావే ఒప్పించి బయల్దేరదీశారు. నేను, బావ, అమ్మానాన్నలు వెళ్లాం.

కొండ మీద నేను తీరిక లేకుండా కష్టపడ్డాను. అంటే ఫొటోలు తీశాను. నాన్న చక్రాల కుర్చీని బావ తోస్తుంటే ముందు నుంచి తీశాను. మంచినీళ్లు బావ పడుతుంటే పక్క నుంచి తీశాను. అమ్మ భుజాల మీద వెలిసిపోయిన ఆకుపచ్చ శాలువా ఒకటి వేలాడుతూ ఫొటోలన్నీ పాడుచేస్తోంది. తీసి సంచిలో పెట్టమన్నాను. అమ్మ నావైపు అదోలా చూసి తీసింది. గుడి లోపలికి ఫోన్లు రానివ్వరు కాబట్టి కౌంటర్లో ఇచ్చేసి వెళ్లాం. ఆ కాసేపు చేతులు ఖాళీ అయి, నేను కూడా దణ్ణం పెట్టుకున్నాను.

బయటికి రాగానే మొదట తీసిన సెల్ఫీని బంధువుల గ్రూపులో పెట్టబోయాను. బావ నా చెయ్యి పట్టుకున్నారు.

"ఇంటికి చేరాక పెట్టు."

"వేడి మీద పెడితేనే కదా బావా."

"ఇది బజ్జీ కాదు. తాళం వేసిన ఇల్లు ఎక్కడుందో అందరికీ చెప్పడం ఎందుకు? వచ్చిన పని ముగించుకో ముందు."

మర్నాడు సాయంత్రం ఇంటికి చేరి, అందరం భోజనాల బల్ల చుట్టూ చేరాం. అప్పుడే వచ్చిన అక్క టీ ఇచ్చింది. బావ, తెర మీద ఎర్రసిరా అంటుకోదు కాబట్టి, ఫొటో కింద పెట్టే మాటలు కాగితం మీద రాసి ఇమ్మన్నారు. షోరూం కరపత్రం వెనక్కి తిప్పి మనసు పెట్టి రాశాను.

'ఎన్నో ఏళ్ల కల. క్షణం తీరిక లేని ఉద్యోగంలో ఉన్నా ప్రత్యేకంగా సెలవు పెట్టి, కన్నవారిని నా చేతులతో నడిపించుకుంటూ, ప్రత్యేక దర్శనంలో స్వామి సన్నిధికి తీసుకెళ్లిన మహాభాగ్యం నాకు దక్కింది. ఇలాంటి కొడుకు ప్రతి తల్లిదండ్రులకీ ఉండాలని స్వామిని ప్రార్థిస్తూ...'

బావ చదివారు. అద్దాలు తుడుచుకుని మళ్లీ చదివారు. ఆయన మొహంలో అంత భయం నేనెప్పుడూ చూడలేదు.

"స్వామి ఎక్కడున్నాడు ఇందులో?"

"చివర్లో ఉన్నాడుగా."

"నీ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టడానికి వచ్చాడు."

కలం మూత తీశారు.

"తీరిక లేని ఉద్యోగం, సెలవు. ఇవి మీ మేనేజరుకి చెప్పు." గీత. "ప్రత్యేక దర్శనం. ఎండలో మామూలు వరసలో పసిబిడ్డని ఎత్తుకుని నిలబడ్డ మనిషి ఇది చదివితే ఎలా ఉంటుంది?" గీత. "నా చేతులతో నడిపించుకుంటూ..."

అక్కడ ఆగి కుర్చీ తోసి బొబ్బలెక్కిన తన అరచేతులు చూసుకున్నారు. గీత మాత్రం కొంచెం లావుగా పడింది.

"తీసుకెళ్లిన అంటే? వాళ్లేమన్నా సామానా? చిన్నప్పుడు నిన్ను చంకనేసుకుని తిరిగినప్పుడు వాళ్లు ఎక్కడా రాసుకోలేదు. 'అమ్మానాన్నలతో' అను. వెనకాల వెళ్లినవాడివి నువ్వు. భాగ్యం నాకు దక్కింది అన్నావు. రసీదు ఇచ్చారా?"

"మరి ఇలాంటి కొడుకు..." అన్నాను నీరసంగా.

"అది ఇందాకే కొట్టేశాను. చూడలేకపోయాను."

తరవాత ఫొటో అడిగారు. చూపించాను. సగం నా మొహం. నా చెవి పక్కన అమ్మ, నోరు తెరుచుకుని ఆయాసపడుతోంది. మెడ కింద నాన్న, కుర్చీలో.

"పెట్టొచ్చా అని వాళ్లని అడిగావా?"

నాకు మతిపోయింది. కన్నవాళ్లని ఫొటోకి అనుమతి అడగడం నేను ఎక్కడా వినలేదు. అయినా ఫోన్ నాన్న ముందు పెట్టాను. నాన్న చాలాసేపు చూశారు.

"కుర్చీ కనపడకుండా లేదురా ఒక్కటైనా?" అన్నారు మెల్లిగా. "నాతో పనిచేసినవాళ్లు చూస్తారు."

నేను టీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాను. అమ్మ తన మొహం గురించి ఒక్క మాటా అనలేదు.

"చెల్లి చూస్తుందేమో కదా," అంది. "చూసి ఇంకా ఏడుస్తుందేమో. పోనీ, పెట్టకురా అసలు."

అప్పుడు బావ తన ఫోన్ తీశారు. ఆయన ఫొటో తీయడమే ఒక వింత. రోజంతా తీసింది ఒక్కటేనట, ఫోన్లు కౌంటర్లో ఇచ్చేముందు. గుడి ముంగిట ఆఖరి నాలుగు మెట్లు. నాన్న కుర్చీ దిగి, కమ్మీ పట్టుకుని, తన కాళ్లతో ఎక్కుతున్నారు. పక్కన అమ్మ. ఇద్దరూ వెనక నుంచి కనిపిస్తున్నారు, ఎదురుగా గుడి వాకిలి. మొహాలు లేవు, ఆయాసం లేదు, నేను అసలే లేను. అమ్మ భుజాల నిండా ఆ ఆకుపచ్చ శాలువా. నేను అటు తిరగ్గానే మళ్లీ కప్పుకుందన్నమాట.

"ఇది పెట్టుకోరా," అన్నారు నాన్న. గొంతు సవరించుకుని, "మెట్లు నేనే ఎక్కాను కదా," అన్నారు అందరితోనూ.

నా రచనలో ఎర్రగీతలు తప్పించుకుని బయటపడ్డ మాటలని, 'కన్నవారిని' మార్చుకుని, కూడదీస్తే, 'అమ్మానాన్నలతో స్వామి సన్నిధికి' అని తేలింది.

"ఇంతేనా?" అన్నాను. "బస్సు మీద రాసే బోర్డులా ఉంది బావా."

ఆయన వినలేదు. కలం పట్టుకుని ఆ ముక్కనే చూస్తున్నారు. తరవాత జరిగినదాన్ని మా అక్క ఇప్పటికీ నమ్మదు. టీ గిన్నె పట్టుకున్నది పట్టుకున్నట్టే నిలబడిపోయింది. నాన్న కళ్లజోడు పెట్టుకున్నారు. బావ కలం కాగితం మీద ఆనింది, కొట్టివేయడానికి కాదు. రాశారు. ఉన్న మాటల పక్కన ఇంకొన్ని మాటలు కలిపారు.

"ఏమండీ, ఒంట్లో బాగానే ఉందా?" అంది అక్క.

కాగితం నా ముందుకి తోశారు. 'అమ్మానాన్నలతో స్వామి సన్నిధికి. అమ్మ కప్పుకున్నది పిన్ని శాలువా. అందరినీ చల్లగా చూడు స్వామీ.'

చదివాక వెలిగింది నాకు. పోయినసారి వచ్చినప్పుడు పిన్ని మా ఇంట్లో మరిచిపోయిన శాలువా అది. అది పక్కన ఉంటే పిన్ని ఉన్నట్టే అనుకుని అమ్మ కొండంతా కప్పుకుని తిరిగింది. నేను ఫొటోకి బాగాలేదని సంచిలో కుక్కించాను. బావ దాన్ని ఎప్పుడు పోల్చుకున్నారో ఆ దేవుడికే తెలియాలి.

"కనిపించనిది ఒక్కటి చెప్పొచ్చు," అన్నారు బావ, దొంగతనం చేస్తూ దొరికినట్టు. "శాలువా కనిపిస్తోంది. ఎవరిదో కనిపించడం లేదు."

అదే పెట్టాను. ఎమోజీ బొమ్మలు లేవు, ఊరి గుర్తు లేదు, నా ఊసు లేదు. టీ చల్లారకముందే అమ్మ ఫోన్ మోగింది. అమ్మ కంగారుగా ఎత్తబోతే ఫోన్ స్పీకర్లో పడింది.

"ఏమే అక్కా, ఆ పాత శాలువాతోనా దేవుడి దగ్గరికి వెళ్లేది? రంగు వెలిసి రాలిన ఆకులా ఉంది. నలుగురూ చూస్తే నా పరువేం కాను?"

"నీ పరువు ఎక్కడ పోయిందే, మెట్లన్నీ ఎక్కించి దణ్ణం కూడా పెట్టించాను," అంది అమ్మ, ఏడుస్తూ నవ్వుతూ.

"ఇంకా ఏం చేశావో మొదట్నించీ చెప్పు."

అమ్మ ఫోన్ పట్టుకుని లోపలి గదిలోకి పోయింది. అందులో ఒక్క మాటకీ కత్తెర పడలేదు. బావ తలుపు దగ్గరగా వేసి వచ్చారు.

అప్పుడే నాకు ఆ విందు రోజు గుర్తొచ్చింది. నా ప్రసంగం నిండా జీతం, హోదా. ముందు వరసలో మా పెదనాన్న కొడుకు కూర్చున్నాడు, నష్టాల్లో ఆ వారమే దుకాణం మూసేసి. ఈయన కొట్టేసిన ప్రతి మాట వెనకా, అది ఎవరికి గుచ్చుకుంటుందో ఆ మనిషి ఉన్నాడన్నమాట. నేనేమో ఇన్నేళ్లూ సిరా ఖర్చు గురించి బాధపడ్డాను.

మనసు ఆగక, ఆయనకి ఫోన్లో పెద్ద సందేశం రాశాను. 'మహోన్నత హృదయులు, మా కుటుంబానికి వెలుగు, మాటల మాంత్రికులు అయిన నా ప్రియాతిప్రియమైన బావకి నా హృదయపూర్వక, శతకోటి కృతజ్ఞతలు' అని. ఆయన బల్లకి అటువైపే కూర్చుని అద్దాలు సర్దుకుని చదివారు. నా కరపత్రం మీద ఖాళీ ఉన్నచోట ఆ సందేశమంతా ఓపిగ్గా ఎత్తిరాశారు. ఎర్రకలం ఝళిపించి నాకు తిరిగి ఇచ్చారు.

మిగిలింది ఒక్క మాట. 'బావ'.