నాయన ఎడమ చెవి

మా నాయనను ఎడమవైపు నుంచి పిలిస్తే కుడివైపుకు తిరిగేవాడు. కుడివైపు నుంచి పిలిచినా కుడివైపుకే తిరిగేవాడు. మా వీధి పిల్లలకు అదొక ఆట. ఎడమ పక్క నిలబడి “మామా” అని అరిచి, ఆయన కుడికి తిరిగి ఎవరూ లేని గోడను చూస్తుంటే కిసుక్కున నవ్వేవాళ్ళు. నేను చీపురు పట్టుకుని వాళ్ళను తరిమేదాన్ని. అందరికంటే ముందు ఆ చీపురుదెబ్బ ఎవరికి పడాలో నాకు తెలుసు.

మేముండేది కోయంబత్తూరులో, మిల్లువాళ్ళు కట్టించిన లైను ఇళ్ళలో. పక్కపక్కన ఒకే గోడకు అతుక్కున్న ఇళ్ళు, ఇంటికొక గది, ముందొక తిన్నె. బడిలో తమిళం, ఇంట్లో తెలుగు. మిల్లు సంగు కూసినప్పుడు మాత్రం ఏ భాషా వినపడేది కాదు. మిల్లు సైరనును మా దగ్గర సంగు అంటారు. షిఫ్టుకు అరగంట ముందు ఒకసారి, షిఫ్టు మొదలయ్యేటప్పుడు ఒకసారి కూసేది. కొత్తగా వచ్చిన చుట్టాలు చేతిలో చెంబు జారవిడిచేవాళ్ళు. మేము మాట మధ్యలో ఆపి, అది అయిపోయాక అక్కడినుంచే అందుకునేవాళ్ళం.

నాయన నూలు వడికే విభాగంలో ఫిట్టరు. అక్కడ ఒక్కో మిషనుకు వందల కదుళ్ళు. అవన్నీ ఒక్కసారి తిరుగుతుంటే పక్కమనిషి చెవిలో అరిచినా వినపడదు. ఆ మోతలో ఏ కదురు అరిగిందో, ఏది నూనె లేక కీచుమంటోందో నాయన నడుస్తూనే పసిగట్టి, సూటిగా దాని ముందుకు వెళ్ళి నిలబడేవాడు. మిగతావాళ్ళు చెవుల్లో పత్తి కుక్కుకుని పనిచేసేవాళ్ళు. నాయన కుక్కుకోడు. “చెవి మూస్తే నా కూటిని మూసినట్టే” అనేవాడు. ఆయన పెద్దగా మురిసిపోయే మనిషి కాదు గాని, ఆ చెవుల విషయంలో మాత్రం కొంచెం గర్వం ఉండేది. దసరా ఆయుధపూజకు ఇంట్లో సుత్తికీ పానాలకూ పసుపు కుంకుమా పెడుతుంటే, మా అవ్వ ఆయన రెండు చెవులకు కూడా బొట్టు పెట్టి నవ్వించేది.

అవ్వ అంటే నాయనను కన్న తల్లి. శనివారం తలంటు ఆమె రాజ్యం. చిన్న ఇనుప గరిటెలో నువ్వుల నూనె, రెండు వెల్లుల్లి రెబ్బలు, పొయ్యి మీద ఒక పొంగు. మణికట్టు మీద చుక్క వేసుకుని వేడి చూసి, వరసగా పడుకోబెట్టి అందరి చెవుల్లో పోసేది. మిల్లు దూది చెవుల్లోకి పోయి దురద పెడుతుంది కదా, అది నూనెకు కరిగి వస్తుందని ఆమె నమ్మకం. ఆమె అత్త పోసింది, ఆమె పోసింది. తప్పని ఎవరు చెప్పాలి?

నాకు పదమూడేళ్ళప్పటి శనివారం. రెండో షిఫ్టు నాయనది. తలంటుకుని అన్నం తిన్నాక ఎడమ చెవి మూసుకుపోయిందన్నాడు. లోపల ముందే ఉన్న గుబిలి నూనెకు మెత్తబడి ఉబ్బి, దారికి అడ్డం పడింది. ఇది నాకు తరవాత తెలిసింది. అప్పటికి తెలిసింది ఒకటే, ఆ చెవితో ఆయన పనికి పోలేడు. అమ్మ నీళ్ళ కొళాయి దగ్గర ఉంది, అవ్వ పక్క లైనుకు పోయింది.

“కన్నూ, ఇట్ల రా. కొంచం ఏముండాదో చూసి తీయి” అని నా ఒళ్ళో తల పెట్టి తిన్నె మీద పడుకున్నాడు.

నాకా మాట బిరుదు ఇచ్చినట్టయింది. అగ్గిపుల్లకు మిల్లు పత్తి చుట్టి లోపలికి తిప్పాను. పుల్ల కొనకు కొంచెం పసుపు అంటింది. గెలిచాననుకున్నాను. నిజానికి అంటినది కొంచెం, లోపలికి నెట్టింది ఎక్కువ.

“ఇంకా గట్టిగ మూసుకొనె కదా” అన్నాడు నాయన.

అక్కడితో ఆపి ఉంటే గోటితో పోయేది. గొడ్డలిదాకా తెచ్చింది నేనే. జడలో పెట్టుకునే ఇనుప పిన్ను తీసి, వంపు విప్పి సాగదీశాను. ఆ చివరతో గుబిలిని గీరి బయటికి లాగాలని నా తెలివి. పిన్ను లోపలికి పోయింది. ఎంత లోపలికి పోయిందో చూడ్డానికి వంగాను.

సంగు కూసింది.

రోజూ వినే సంగే. కాని నాయనకు అది పనికి లెమ్మనే పిలుపు. ఇరవై ఏళ్ళుగా ఆ కూతకు లేచిన తల, ఆయన్ను అడక్కుండానే లేచింది. నా చెయ్యి ఎక్కడిదక్కడే ఉంది.

ఆయన అరిచాడో లేదో నాకు తెలీదు, సంగు మోతలో వినపడలేదు. నోరు తెరుచుకోవడం మాత్రం చూశాను. సంగు ఆగేసరికి చెవి పట్టుకుని కూర్చున్నాడు. వేళ్ళ సందున సన్నగా నెత్తురు. లేవబోయి గోడ పట్టుకున్నాడు, తల తిరుగుతోందన్నాడు. ఆ చెవిలో మిషను ఆడుతున్నట్టుందన్నాడు. నేను ఏడవడానికి నోరు తెరవగానే నా మూతి మీద చెయ్యి పెట్టాడు.

“నువ్వు చేసినేదని చెప్పొద్దు. మీ అమ్మ చెయ్యి ఊరుకోదు. నేనే గోక్కొంటినంటా, సరియా?”

సరే అన్నాను. ఆ పిన్నును కాలువలో పారేశాను. ఆ రోజు ఆయన పనికి పోయాడు కూడా.

మరుసటి రోజు నుంచి పోటు. అవ్వకు తెలిసిన వైద్యం ఒకటే. గరిటె, నూనె, వెల్లుల్లి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. నేను తేలు కుట్టిన దొంగలా పక్కన నిలబడి దూది అందించేదాన్ని. రెండో రోజు నాయన మొహం అదోలా పెట్టి, “అమ్మా, నువ్వు చెవిలో పోస్తే నూనె గొంతులోకి వస్తాదే, వెల్లుల్లి వాసన” అన్నాడు. అవ్వ నవ్వింది. “మందు బాగ దిగతాందిరా” అంది. అమ్మ కూడా నవ్వింది. చెవిలో పోసింది గొంతులోకి ఏ దారిన వచ్చిందో వాళ్ళెవరూ ఆలోచించలేదు. నాకు ఒక దారి తెలుసు. పిన్ను వేసిన దారి. తెలిసీ నోరు మెదపలేదు.

వారం తిరిగేసరికి జ్వరం, చెవినుంచి చీము, దిండుకు దుర్వాసన. అప్పుడు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. అవ్వ పట్టుబట్టి వచ్చింది, నేనూ వెంట పోయాను. డాక్టరు నెమ్మదైన మనిషి. నుదుటికి కట్టుకున్న అద్దంతో లోపలికి చూసి, ఏం పెట్టారని తమిళంలో అడిగాడు.

“నేనే పుల్లతో గోక్కున్నాను” అన్నాడు నాయన. నన్ను చూడలేదు.

“తరవాత?”

“నేను నూనె పోశానయ్యా” అంది అవ్వ, మంచిపనే చేశానన్న ధీమాతో.

డాక్టరు కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది, అవ్వ తిరిగి కోప్పడి మరిచిపోయేది. ఆయన ఒక కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పాడు. చెవి తన గుబిలిని తనే చేసుకుంటుంది, అది దుమ్మును పట్టి ఉంచుతుంది, మనం నములుతుంటే మెల్లగా తనే బయటికి వస్తుంది. పుల్లా పత్తీ పెడితే దాన్ని లోపలికి దట్టించినట్టే. ఆ సందు చివర ఉల్లిపొరలాంటి పొర ఒకటి ఉంది, దాని వెనక బియ్యపుగింజ కంటే చిన్న ఎముకలు మూడు. గుచ్చుకుంటే ఆ పొర చిరుగుతుంది. “చిరిగినా, తడి తగలకుండా వదిలేస్తే చాలామందికి కొన్ని వారాల్లో తనే మూసుకుంటుంది. మీరు ఆ చిల్లులో నూనె పోశారు. చెవిలో ఉన్న మురికంతా నూనెతో లోపలి గదిలోకి పోయింది. అక్కడ చీము పట్టింది.”

అవ్వ ఆ బొమ్మనే చూస్తూ ఉంది. గుచ్చుకోవడం గురించి చెప్పిన మాట ఆమెకు ఎక్కలేదు. “నూనె పోశారు” అన్నది ఒక్కటే ఎక్కింది.

చుక్కలమందు వేశారు, సూదులు వేశారు, స్నానానికి చెవి తడపొద్దన్నారు. చీము ఆగేది, మళ్ళీ వచ్చేది. నెలల తరవాత డాక్టరు, లోపలి చిన్న ఎముకలను చీము తినేసిందన్నాడు.

నాయన మళ్ళీ మిషన్ల మధ్య నడిచాడు. కుడి చెవి బాగానే ఉంది. ఏదో కదురు కీచుమంటోందని తెలిసేది, ఏ పక్కనో తెలిసేది కాదు. ఎక్కడిదని చెప్పడానికి రెండు చెవులూ కావాలట. ఈ వరసకు పోయేవాడు, ఆ వరసకు పోయేవాడు, మధ్యలో నిలబడిపోయేవాడు. మేస్త్రి కొన్నాళ్ళు చూసీ చూడనట్టున్నాడు. తరవాత ఆయన్ను చెత్తపత్తి మూటలు కట్టే గదికి మార్చారు. ఆ ఏడు ఆయుధపూజకు సుత్తికీ పానాలకూ మాత్రమే బొట్టు పెట్టారు.

అమ్మ ఊరుకునే మనిషి కాదు. “నీ నూనె పోసి మనిషిని చెవిటివాణ్ణి చేస్తివి అత్తా” అని కోపం వచ్చినప్పుడల్లా అనేది. అవ్వ ఎదురు చెప్పేది కాదు. ఎదురు చెప్పకపోవడం ఆ ముసలిదానికి కొత్త. ఇనుప గరిటెను పాత సామానువాడికి ఇచ్చేసింది. శనివారాలు ఎవరి తల వాళ్ళమే అంటుకునేవాళ్ళం. నూనె తప్పు ఉంది, కాదనను. కాని నూనెకు దారి చేసింది నేను. ఆ సంగతి తెలిసినవాళ్ళం ఇద్దరం, ఇద్దరం చెప్పలేదు. నాయన నన్ను కాపాడాననుకున్నాడు. నేను ఎవరిని కాపాడానో నాకే తెలుసు, నన్ను నేనే.

అవ్వ మంచం పట్టేనాటికి నాకు పంతొమ్మిదేళ్ళు. ఒక మధ్యాహ్నం నాయన ఆమె మంచం పక్కన కూర్చున్నాడు, ఎడమవైపు ఆమెకు పెట్టి. ఇరుకు గదిలో అటే చోటుంది. నేను కాళ్ళ దగ్గర ఉన్నాను. అవ్వ ఆయన చెయ్యి వెతికి పట్టుకుంది. గొంతు గాలిలా వచ్చింది.

“నాయనా, నీ చెవి నేనే తీస్తిని గదరా. నన్ను మన్నించు.”

ఆ మాట ఆయన ఎడమ చెవి దగ్గరే అంది. ఆయనకు వినపడలేదు. పెదవులు కదలడం చూసి నావైపు తిరిగాడు.

“ఏమంటాదే మీ అవ్వ?”

అవ్వ కళ్ళు నా మీదికి వచ్చాయి. నాయనను చెవిటివాణ్ణి చేసింది నువ్వు కాదు అవ్వా, నేను అని ఒక్క మాట. అంతే. అనడానికి కావలసినంత వేళ ఉంది, సంగు కూడా కూయలేదు.

“నీళ్ళడగతాంది” అన్నాను.

నాయన లేచి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చాడు. అవ్వ తాగలేదు.