అయినట్టే

మా కాంట్రాక్టర్ నోట ‘కాలేదు’ అన్న మాట నేనెప్పుడూ వినలేదు. ఎప్పుడు అడిగినా ‘అయినట్టే అక్కా’ అంటాడు. టైల్స్ అయినట్టే, కరెంటు పని అయినట్టే, తలుపులు అయినట్టే. ఎల్‌బీనగర్‌లో మేం కట్టించుకుంటున్న ఇంటికి వెళ్లి చూస్తే తలుపులు గోడకు ఆనించి ఉంటాయి, టైల్స్ డబ్బాల్లోనే ఉంటాయి. శ్రావణమాసానికల్లా ఇల్లు అప్పగిస్తానని అగ్రిమెంటులో రాసిచ్చాడు. శ్రావణం వచ్చింది, దాని దారిన అది పోయింది.

మేం కిరాయికి ఉండేది దిల్‌సుఖ్‌నగర్‌లో. మా ఓనరమ్మ మా పోర్షన్‌ను కోచింగ్ పిల్లల హాస్టల్‌కు ఇస్తానని ఎవరికో మాటిచ్చింది. “దసరా వెళ్లగానే ఖాళీ చేసెయ్యండమ్మా” అని మెత్తగానే చెప్పింది. నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. కొత్తిల్లు రాక, పాతిల్లు పోతే మంచాలూ బీరువాలూ ఎక్కడ పెట్టుకోవాలి?

మా ఆయనకు చెబితే, “మనోడే గదా, జర ఓపిక పట్టు. కోపానికొస్తే పని ఆపేస్తడు” అన్నాడు. మొహమాటానికి పోతే ఏమవుతుందో ఒక సామెత ఉంది. దాని రెండో సగం ఇక్కడ రాయలేను గానీ, ఆయనకు మాత్రం పూర్తిగా వినిపించాను.

బీరువాలోంచి అగ్రిమెంటు తీశాను. పని ఆలస్యమైతే, మేం రాతపూర్వకంగా అడిగిన వారంలోగా కాంట్రాక్టర్ కారణాలు చెప్పి, పనివారీగా కొత్త షెడ్యూల్ ఇవ్వాలని అందులో స్పష్టంగా ఉంది. ఉత్తరం మా ఆయన మొదలుపెట్టాడు. “మీరు, మీ కుటుంబ సభ్యులు క్షేమమని తలుస్తాను” అని రాసి ఇంకేం రాయాలో తోచక కూర్చున్నాడు. పెళ్లి సంబంధమా ఇది? కలం లాక్కున్నాను. ఏ షరతు ప్రకారం అడుగుతున్నామో, గడువు ఎప్పుడు దాటిందో, ఏ ఏ పనులు మిగిలాయో రాశాను. “ప్రతి పనీ ఎప్పుడు మొదలై ఎప్పుడు పూర్తవుతుందో, ఇల్లు ఏ తేదీన అప్పగిస్తారో తెలపండి. ఈ ఉత్తరం రాసినంత మాత్రాన జరిగిన ఆలస్యానికి మేం ఒప్పుకున్నట్టు కాదు” అని ముగించాను. ‘అయినట్టే’ అన్న మాట ఎక్కడా వాడవద్దని కూడా రాయబోయాను. మా ఆయన చేతులు జోడించాడు.

స్పీడ్‌పోస్టులో పంపాం. మూడోనాడు కాంట్రాక్టర్ బండి మీద పరుగున వచ్చాడు.

“ఏందక్కా గిది! పోస్టుమాన్ సంతకం పెట్టమంటే మా ఇంటామె కోర్టు నోటీసనుకొని ఏడుస్తున్నది. ఒక్క ఫోన్ కొడితే రాకపోదునా?”

“ఫోన్ కొడితే ఏమంటవు తమ్మీ?”

“అయిన...” అంటూనే ఆగి తల గోక్కున్నాడు. మా ఆయన పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను గానీ, చాయ్ ఇచ్చింది మాత్రం షెడ్యూల్ తెస్తానని మాటిచ్చాకే.

వారం లోపలే తెచ్చాడు. వంటగది గట్టు మేం మార్పించినందుకు కొన్ని రోజులు మా ఖాతాలో వేశాడు. అది న్యాయమే, మార్పులకు అదనపు సమయం ఇవ్వాలని అగ్రిమెంటులోనే ఉంది. మిగతాదంతా తనదేనని, టైల్స్ వాళ్లను వేరే సైటుకు పంపానని, నీళ్లు నమలకుండా రాశాడు. ఇల్లు అప్పగించేది కార్తీకమాసంలో. దసరాకు చాలా తర్వాత. చదివి డీలా పడ్డాను. అయినా ఇన్ని నెలల్లో నేను నమ్మిన మొదటి తేదీ అదే.

ఇక మిగిలింది ఓనరమ్మ. కాగితం పట్టుకుని కిందికి దిగాను.

“ఇల్లు ఎంతవరకు వచ్చిందమ్మా?” అంది.

“అయినట్టే ఆంటీ” అన్నాను.

నా నోటా వచ్చింది ఆ మాట! ఆమె కళ్లజోడు తుడుచుకుంటూ, “అయినట్టే అంటే అవ్వలేదనేగా?” అంది. సిగ్గుతో కాగితం ఆమె చేతిలో పెట్టాను. మొదటి నుంచి చివరిదాకా చదివింది. కాంట్రాక్టర్ సంతకాన్ని వేలితో తడిమింది.

“తేదీలు వేసి సంతకం కూడా పెట్టాడే! హాస్టలాయనకి ఇది చూపించి ఆపుతాను లెండి. కార్తీకం దాకా ఉండండి.”

నా ప్రాణం లేచొచ్చింది. థాంక్స్ చెప్పబోతుంటే పెన్ను నా చేతికిచ్చింది.

“ఆ రోజుకి ఖాళీ చేస్తామని ఇక్కడ రాసి, నువ్వు కూడా సంతకం పెట్టమ్మా.”

పెన్ను కాగితం మీద ఆనించాను. టైల్స్ వాళ్లు మళ్లీ వేరే సైటుకు పోతే? వానలు పడితే? కాంట్రాక్టర్ మీద మొట్టమొదటిసారి జాలేసింది.

“ఏమ్మా, పెట్టావా?” అంది ఓనరమ్మ.

పెట్టినట్టే అనబోయి, నాలుక కరుచుకుని సంతకం చేశాను.