వేపిన తేదీ లేని కాఫీ గింజలు

మా ఇంట్లో కాఫీ విషయంలో తీర్పు చెప్పేది అమ్మ. నాన్న పోయాక కాకినాడ నుంచి సముద్రం దాటి హౌగాంగ్‌లోని మా ఫ్లాటుకు వచ్చేటప్పుడు పెట్టెలో మడత చీరల మధ్య ఇత్తడి ఫిల్టరు పెట్టుకుని వచ్చిన మనిషి. పేరు కుమారమ్మ. గ్లాసు పెదవులకు ఆనించక ముందే, వాసన చూసి, కాఫీ పెట్టినవాళ్ళ గుణగణాలు చెప్పగలనని ఆవిడ నమ్మకం.

నా భార్య ప్రభావతి వన్-నార్త్ అనే ఆఫీసుల పేట‌లో ఒక యాప్ కంపెనీలో టెస్టరు. కొత్త కంపెనీలు పుట్టగొడుగుల్లా లేస్తున్న రోజులవి. వాళ్ళ ఆఫీసు ప్యాంట్రీలో అన్నిటికన్నా హోరాహోరీగా నడిచే చర్చ కాఫీ మీదే. పక్క సీటు విజయ్ ఇంటి నుంచి తిరగలి లాంటి చిన్న మర తెచ్చుకుని, గింజలు అక్కడే ఆడించుకుని తాగేవాడు. అది చూసి ప్రభకి కూడా పట్టుకుంది. మనవాళ్ళ కొట్లుండే లిటిల్ ఇండియాలో పొడి కొనడం మానేసి, అలాంటి మర ఒకటి కొని, ఆన్‌లైన్‌లో గింజలు తెప్పించింది. 'తాజాగా వేపినవి' అని ప్రకటనలో పెద్ద అక్షరాలు.

శనివారం పొద్దున పొట్లం విప్పి, మర తిప్పి, ఫిల్టరులో పొడి వేసి, వేడినీళ్ళు పోసి, అత్తగారి చేతికి గ్లాసందించింది.

అమ్మ ఒక గుక్క తాగి గ్లాసు కిందపెట్టింది.

"ఏమ్మా ప్రభా, ఇది కాఫీయా? తడిసిన అట్టపెట్టె వాసనొస్తోంది."

"కొత్త గింజలత్తయ్యా. మంచివి."

"గింజలదేముందే. చెయ్యి కుదరాలి. మా చిన్నాడబిడ్డకీ జన్మలో కుదర్లేదు పాపం."

ఆ 'పాపం' ప్రభకి ముల్లులా దిగింది. తిట్టినా పడేదేమో కానీ, జాలి పడితే ఊరుకునే మనిషి కాదు. పొట్లం తిరగేసి మరగేసి చూసింది. వచ్చే ఏడాదిలో ఎప్పుడో 'ఈ తేదీలోగా వాడండి' అని ఉంది. ఎప్పుడు వేపారో మాత్రం ఎక్కడా లేదు. గింజల మీద చెయ్యి పెడితే వాసన అంటుకోలేదు. పొట్లం విప్పితే ఘుమఘుమతో గది నిండాలి కదా, ఏమీ రాలేదు.

"డబ్బు వెనక్కి అడుగుతాను" అంది.

"పోనిద్దూ, ఎంతని" అన్నాను.

"డబ్బు కోసం కాదండీ. డబ్బు వెనక్కిచ్చారంటే తప్పు గింజలదని ఒప్పుకున్నట్టు. లేకపోతే మీ అమ్మగారు ఈ మాట మనవల పెళ్ళిళ్ళ దాకా చెప్తారు."

అది నిజమే. అప్పటికే అమ్మ కాకినాడలో చుట్టాలకు ఫోన్ చేసి చెప్పేసింది.

యాప్‌లో ఏదైనా కొన్నప్పుడు 'వస్తువు అందింది' అన్న మీట నొక్కకుండా ఉంటే డబ్బు అమ్మినవాళ్ళకు చేరదు. యాప్ దగ్గరే ఉంటుంది. ప్రభ అది నొక్కకుండా, వాపసు కోరే పేజీ తెరిచింది. కారణాల్లో 'పాతబడ్డ గింజలు' అని లేదు. 'ప్రకటనలో చెప్పినట్టు లేదు' అన్నది ఎంచుకుని, ఉత్తరం రాయడానికి కూర్చుంది.

అలవాటు పాడుగాను, ఆఫీసులో ప్రోగ్రాములో తప్పు పట్టుకున్నప్పుడు రాసే పద్ధతిలోనే రాసింది. ముందు తప్పు తీవ్రత: అత్యధికం. ఆ తర్వాత తప్పు మళ్ళీ కనబడాలంటే చేయవలసిన పనులు. ఆశించిన ఫలితం: వేడినీళ్ళు పోయగానే పొడి బుడగలతో పొంగాలి. వచ్చిన ఫలితం: పొంగలేదు, బురదలా కూర్చుంది. ఎన్నిసార్లు జరుగుతుంది: ప్రతిసారీ. యూజరు మీద ప్రభావం: యూజరు తాగడం నిరాకరించారు.

చదివి వినిపించి, "ఎలా ఉంది?" అంది.

"యూజరంటే మా అమ్మేనా?"

"మరెవరు?"

జవాబు సాయంత్రానికే వచ్చింది, మాట చివర 'లా' తగిలించే ఇక్కడి ఇంగ్లీషులో. 'డియర్, మేము మెషీన్ అమ్మలేదు. రాంగ్ సెల్లర్ లా. బీన్స్ అయితే డేట్ ఇంకా ఉంది. నో రిఫండ్.'

ప్రభ అది చదివి, తనే పకపకా నవ్వింది. నవ్వి, మర్నాడు మళ్ళీ మొదలుపెట్టింది. ఆఫీసు దగ్గర గింజలు వేపే దుకాణంలో, వేపిన తేదీ ముద్ర వేసిన పొట్లం కొనుక్కొచ్చింది. రెండు గాజు గ్లాసుల్లో రెండు రకాల పొడీ సమానంగా వేసి, ఒకే కెటిల్‌లోంచి నీళ్ళు పోస్తూ, నన్ను ఫోన్‌లో వీడియో తియ్యమంది. కొత్త పొడి నురగ కక్కుతూ గోపురంలా లేచింది. పాతది కదల్లేదు. అమ్మ వెనకాల నిలబడి చూస్తూనే ఉంది.

ఈసారి ఉత్తరం మామూలు మాటల్లో రాసింది. 'తాజాగా వేపినవని చెప్పి అమ్మారు. పొట్లం మీద వేపిన తేదీ లేదు. వాడాల్సిన తేదీ దాటకపోయినా, కాఫీ గింజ వేపిన కొన్ని వారాలకే రుచి పోగొట్టుకుంటుంది. తేడా వీడియోలో చూడండి. ఇవి ఎప్పుడు వేపినవో చెప్పండి, నా డబ్బు వాపసు ఇవ్వండి.' దానికి వీడియో జతచేసి పంపింది.

మరుసటి రోజు మేం భోజనాల దగ్గరుండగా ప్రభ ఫోన్ మోగింది. తెలియని నంబరు. స్పీకర్‌లో పెట్టింది.

"ప్రభావతి గారా? నేను బెడోక్ నుంచి నిగార్‌ని. కాఫీ బీన్స్ పంపింది నేనే. పార్సిల్ మీది నంబర్ చూసి చేస్తున్న."

ఆ తెలుగు విని ప్రభ చేతిలో ముద్ద కంచంలో వదిలేసి, ఫోన్ దగ్గరికి జరుపుకుంది.

"మాది హైదరాబాద్. మీ మొదటి లెటర్ నాకు అర్థం కాలే. రెండోది చదివిన గానీ, వీడియోల ఆంటీ మాటలు విన్నంక అసలు సంగతి తెలిసింది."

"ఏ మాటలు?" అన్నాను. అప్పుడు తట్టింది. వీడియోలో బొమ్మ చూసుకున్నాం గానీ మాటలు వినలేదు. అందులో అమ్మ గొంతు, మొదటి నుంచి చివరి దాకా: 'చూడవే కోడలా, నీ చెయ్యి కుదరక ఆ గ్లాసుది ఎట్లా చచ్చిపడుందో! శవానికి స్నానం చేయిస్తున్నట్టుంది!'

అమ్మ కంగారుగా కొంగు సర్దుకుంది.

"నిజం చెప్తున్న," అంది నిగార్. "మా ఇంట్ల అందరం చాయ్ తాగేటోళ్ళం. నేను బియ్యం, మసాలాలు అమ్ముత. బిర్యానీ బియ్యం ఎంత పాతగైతే అంత మంచిది. పాత స్టాకుకు ఎక్కువ పెట్టి కొంటరు. కాఫీ గూడ గట్లనే అనుకుని, వేపిన గింజల బస్తా కొని స్టోర్‌రూంల దాచిన."

"ఎన్నాళ్ళు దాచావమ్మా?" అమ్మ అడిగింది.

"రంజాన్ ముంగట కొన్న ఆంటీ."

అది బక్రీద్ కూడా వెళ్ళిపోయిన కాలం, అంటే మూడు నెలల పైమాటే. అమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "పాత బియ్యం వండితే పొడిపొడిగా ఉంటుంది. పాత కాఫీ గింజ ఉత్త చెక్కముక్కే తల్లీ!"

"తప్పు నాదే. యాప్‌ల రిఫండ్ ఒప్పుకున్న, ఇప్పుడే. మీ కోడలి చెయ్యిది కాదు ఆంటీ."

ప్రభ అత్తగారి వంక చూసింది. అనవలసిన మాటను బెడోక్ అనేసింది. అమ్మ పెరుగన్నం కలుపుకుంటూ, "సరే, కాకినాడకి ఫోన్ చేసి చెప్తాలే" అంది.

చెప్పింది కూడా. కాకపోతే తన వీడియో సంగతే ఎక్కువ చెప్పింది.

ఆ తర్వాత నిగార్ కొద్దికొద్దిగా సరుకు తెప్పించి, ప్రతి పొట్లం మీదా వేపిన తేదీ చేత్తో రాయడం మొదలుపెట్టింది. మేము ఆమె దగ్గరే కొనేవాళ్ళం. ప్రభ కన్నుమూశాక కూడా పొట్లం నెలనెలా వస్తూనే ఉంది. అమ్మ దాన్ని కిటికీ వెలుగులో పట్టుకుని తేదీ చూస్తుంది. ఫిల్టరు పెట్టి, పొడి పొంగేటప్పుడు నన్ను పిలుస్తుంది.

"ఒరేయ్, రా, చూడు. ప్రభ ఉంటే నీచేత వీడియో తీయించేది."

మొన్న ఎవరో వచ్చి కాఫీ తాగి, "మీ చేతి మహిమ ఆంటీ" అన్నారు.

"నా చేతిదేముందమ్మా," అంది అమ్మ. "గింజలు బాగుండాలి. మా కోడలు చెప్పేది."