బామ్మర్ది నంబరు మీద గ్యారంటీ

ఖాజాగూడ రాళ్లు వేడెక్కేలోగా ఓదెలు రెండు ట్రిప్పులు పూర్తిచేస్తాడు. బోరబండలో ఇల్లు, గచ్చిబౌలి దాటి గిరాకీ. పదకొండేళ్లుగా ఆ దారే అతని ఊరు. పసుపు ప్లేటు డీజిల్ కారులో ఐటీ ఉద్యోగులను ఆఫీసులకు చేర్చే కాంట్రాక్టు అతనిది. నెలలో మూడు పికప్‌లు తప్పితే రూట్ తీసేస్తారు. ఈ నెల బ్యాటరీ వల్ల రెండు తప్పాయి.

పొద్దున పక్కింటి కారుకు వైర్లు తగిలించి స్టార్ట్ చేసుకుని, చందానగర్‌లో పద్నాలుగు నెలల కింద బ్యాటరీ కొన్న షాపుకే వెళ్లాడు. యజమాని రామబ్రహ్మం టెస్టర్ పెట్టి చూశాడు.

"పోయిందండి. కార్డు చూపించండి."

గ్యారంటీ కార్డు తిప్పి చూసి, బయట బండి ప్లేటు వైపు తొంగి చూశాడు. "ఈ బండి నంబరు ఎవరిదండి?"

"మా బామ్మర్ది కుమార్‌ది. టాక్సీకి గ్యారంటీ పద్దెనిమిది నెలలే అన్నరు గద, సొంత బండికి నలభై ఎనిమిది. ఆని నంబరు రాయించిన."

"మీ నంబరు రాయించి ఉంటే ఇంకా నాలుగు నెలలుంది, ఊరికే కొత్తది వచ్చేది. బ్యాటరీ కంపెనీ బండి నంబరు ప్లేటు ఫోటో అడుగుతుంది. ఇప్పుడు గ్యారంటీ అంతా మీ బామ్మర్దికండి, ఆయన కారులో పెట్టుకోమనండి."

ఓదెలు నవ్వబోయి ఆగాడు. నోట్లో దుమ్ము రుచి.

యాభై ఆంపియర్ల కొత్త బ్యాటరీ ఏడు వేల వంద. పాతది ఇస్తే తొమ్మిది వందలు తగ్గి ఆరు వేల రెండొందలు, బిగించడం ఉచితం. పక్క షాపులో ఆరు వేల నాలుగొందలు. పాతదానికి ఆరొందలే, బిగింపుకు రెండొందలు, టాక్సీకి పన్నెండు నెలలే. చివరికి ఆరు వేలు. ఎటు తిప్పి చూసినా అతని జేబు దాటే ఉంది. జేబులో నాలుగు వేల మూడొందలు. మళ్లీ మొదటి షాపుకే వచ్చాడు.

"ముప్పై అయిదుది ఎంతన్నా?"

"పాతది పోను నాలుగు వేల వంద. కానీ అది పెట్రోలు బండికండి. డీజిల్‌కి పెడితే గ్యారంటీ రాయను."

"ఎన్ని రోజులొస్తది?"

"బండి ఆపి ఫ్యాను, లైట్లు వేసుకుని కూర్చోకండి. చలి పొద్దున మాత్రం నేను చెప్పలేను."

"రేపు ఆరింటికి పికప్ ఉంది. రేపు తిరిగితే సాలు."

చిన్న బ్యాటరీ పాతదాని ఖాళీలో అటూ ఇటూ కదులుతుంటే రబ్బరు ముక్క దూర్చి బిగించారు. మరునాడు ఇంజిన్ తిరిగింది. ఆ తర్వాతా తిరిగింది. ఆఫీసు గేట్ల దగ్గర గంటలు గంటలు ఆగినప్పుడు ఫోను చార్జింగు కూడా పెట్టకుండా, అద్దాలు దించుకుని కూర్చునేవాడు.

నెలాఖరులోపే చలి ముదిరింది. ఆ పొద్దున తాళం తిప్పితే బండి ఒక్కసారి మూలిగి ఊరుకుంది. మళ్లీ తిప్పాడు. టక్కుమన్న చప్పుడు తప్ప ఏమీ లేదు. పక్కింటి కారు అప్పటికే వెళ్లిపోయింది.

ఆరున్నరకు ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు నుంచి మెసేజ్ వచ్చింది. మూడో పికప్ కూడా తప్పింది కాబట్టి రూట్ ఇంకో డ్రైవరుకు ఇచ్చామని. భార్య సరిత చాయ్ గ్లాసు బానెట్ మీద పెట్టి అడిగింది.

"ఇయ్యాల పోవా?"

"ఇగ పిలువరు," అన్నాడు, తాళం ఇంకా తిప్పుతూనే.