క్రోమ్ డబ్బాలో మామూలు టేపు

నా చెవుల మీద నాకు చాలా గౌరవం. ఇతరుల చెవుల మీద అంత లేదు. చంద్రపూర్ బజారులో క్యాసెట్లతో ఇంకా బతుకుతున్నవాణ్ని నేనొక్కణ్నే అని చెప్పుకుంటాను. అది గొప్ప కాదని నా భార్య తమ్ముడు అంటాడు. దుకాణంలో క్యాసెట్ డెక్కులు బాగుచేసేది అతనే, పేరు సంపాదించుకునేది నేను.

ఈ మధ్య నాగ్‌పూర్ కుర్రాళ్లకు క్యాసెట్ల పిచ్చి పట్టింది. కొత్త ఖాళీ టేపులు కావాలంటారు, అందంగానూ ఉండాలంటారు. నా దగ్గర మామూలు టేపు ఉంది, అందం లేదు. గోదాంలో ఖరీదైన క్రోమ్ రకం క్యాసెట్ల పాత మెరిసే డబ్బాలున్నాయి, లోపల టేపు లేదు. నేను స్క్రూలు విప్పి, మామూలు టేపును క్రోమ్ డబ్బాల్లో పెట్టి, రెండింటికీ పెళ్లి చేశాను. క్రోమ్ ధరకు అమ్మలేదు. కానీ క్రోమ్ అని అడిగినవాళ్లకు కాదనీ చెప్పలేదు. నేను ఆ రకం నిజాయితీపరుణ్ని.

అలాంటి రోజుల్లో దుర్గాపూర్ కాలనీ నుంచి, తాళాలు వాయించేవాళ్లను వెంటబెట్టుకుని కాక వచ్చాడు. పద్మాపూర్ గనిలో పనిచేసి రిటైరైన మనిషి, కాలనీ భజన బృందానికి పెద్ద గొంతు. ఆ గొంతులోనే ఏదో కాయ లేచింది. మర్నాడు నాగ్‌పూర్‌లో ఆపరేషన్. తర్వాత గొంతు ఎలా ఉంటుందో డాక్టరు చెప్పలేదట. ఉన్న గొంతు ఉండగానే నాలుగు పాటలు క్యాసెట్‌లో పెట్టమన్నాడు. బృందం ఆ టేపు విని సాధన చేస్తుందని ఆయన ఆశ. ఫోన్‌లో తీసుకుంటే పోదా అని అడిగాను. గాజు పలక మీద వేలు పెడితే పాట పోయి అల్లుడి ఫోటో వస్తుందన్నాడు. తన క్యాసెట్ పెట్టెకైతే మీట నొక్కితే నొక్కినట్టు తెలుస్తుందట. ఆ పెట్టెను కూడా సంచిలో తెచ్చాడు, చివర్లో విని చూసుకుందామని.

నేను గంభీరంగా తయారయ్యాను. అందరి ఫోన్లూ ఆపు చేయించాను. ఫోన్ సిగ్నల్ మైకు తీగలో కూస్తుందన్నది నిజమే, కానీ ఆ మాటను నేను చెప్పిన తీరు మాత్రం గని మేనేజరుది. తర్వాత అలమారాలోంచి అన్నిటికంటే మెరిసే క్యాసెట్ తీశాను. మామూలుగా ముందు ఒక నిమిషం తీసి, వెనక్కి తిప్పి విని, అప్పుడు అసలు పని మొదలుపెడతాం. ఆ రోజు కాలనీవాళ్లంతా చూస్తున్నారు. అనుభవం ఉన్నవాడికి పరీక్ష ఎందుకన్నట్టు ముఖం పెట్టి, వదిలేశాను.

వాళ్లు అడగకపోయినా నా యంత్రం ఎలా పనిచేస్తుందో చెప్పాను. టేపు మీద ఉన్న ఇనుప రజను బద్ధకంది. చిన్న శబ్దం వచ్చి తడితే కదలదు, పెద్దది వస్తే ఒక్కసారి లేస్తుంది. అలా తీస్తే పాట వంకరపోతుంది. అందుకని పాటతో పాటు మనిషి చెవికి అందనంత సన్నటి కంపనాన్ని కలిపి పంపుతాం. దాని పేరు బయాస్. జల్లెడలో పిండి పోసి ఊరకే కూర్చుంటే దిగదు, ఆడిస్తే దిగుతుంది, అంతే సంగతి. తక్కువ ఆడిస్తే గరగర. ఎక్కువ ఆడిస్తే మెత్తటి పిండి ఎగిరిపోయినట్టు పాటలోని సన్నటి స్వరాలు చెరిగిపోతాయి. క్రోమ్ టేపుకు జోరుగా ఆడించాలి, మామూలుదానికి తక్కువ.

ఇక టేపుకు పుట్టుకతోనే ఒక బుస ఉంటుంది. దాన్ని తగ్గించే మీట పని మా బజారువాళ్లకు బాగా అర్థమవుతుంది. పండగ ముందు ధర పెంచి పండగనాడు తగ్గింపు ఇచ్చినట్టు, సన్నటి స్వరాలు మెల్లగా ఉన్నప్పుడు రికార్డులో వాటిని పెంచుతాం, వినేటప్పుడు అంతే తగ్గిస్తాం. పాట అసలు ధరకు వస్తుంది. పెంచినప్పుడు లేని బుస, తగ్గించినప్పుడు దొరికిపోతుంది. కాక పాటకు ఆ మీట కూడా నొక్కి పెట్టాను.

కాక ఇదంతా విని, పాడమంటావా వద్దా అన్నాడు.

పాడాడు. నాలుగో పాటలో గొంతు చీరుకుపోయింది. అయినా చరణం ముగించి, చేత్తో చాలన్నాడు. ఆ తర్వాత గుసగుస తప్ప మాట రాలేదు. నేను హెడ్‌ఫోన్స్‌లో విన్నదంతా అద్భుతం. ఎందుకంటే నా డెక్కులో విన్నది మైకు నుంచి వచ్చేదే, టేపు మీద పడేది కాదు.

వెనక్కి తిప్పి పెట్టాను. మా బామ్మర్ది అన్నాడు:

"బావా, కాక దుప్పటి కప్పుకొని పాడిండా ఏంది?"

తాళాలు చెక్క ముక్కల్లా ఉన్నాయి. మాటల్లో స, శ రెండూ ఎక్కడికో వెళ్లిపోయాయి. డెక్కులో టేపు తగిలే హెడ్డు తుడిచాను, మళ్లీ పెట్టాను, మళ్లీ దుప్పటే. కాక నా ముఖంకేసే చూస్తున్నాడు. ఇంకోసారి పాడమనడానికి నాకు నోరు రాలేదు, ఆయనకు గొంతు లేదు.

"టేప్ జూసి పెట్టినవా?" అని అడిగాడు బామ్మర్ది.

"చూసిన. క్రోమ్."

"డబ్బా జూసినవు."

అప్పుడు నాకు వెలిగింది. క్రోమ్ డబ్బాకు పైన అదనంగా రెండు గుంటలుంటాయి. డెక్కు వాటిని తడిమి, లోపల ఉన్నది క్రోమ్ అనుకుని జోరుగా బయాస్ ఇస్తుంది. నా మోసాన్ని కుర్రాళ్లు నమ్మినట్టే నా డెక్కూ నమ్మింది. మామూలు టేపు మీద ఆ జోరుకు సన్నటి స్వరాలు ఎగిరిపోయాయి. పైగా వినేటప్పుడు బుస తగ్గించే మీట, ఇవి మెల్లగా ఉన్నాయి కాబోలనుకుని, మిగిలినవాటిని ఇంకా అణిచేసింది. డెక్కు కూడా క్రోమ్ లెక్కకే సన్నటి స్వరాలను తగ్గించింది. ధర పెంచింది ఒకసారి, తగ్గింపు రెండుసార్లు.

ఇది కాకకు చెప్పాలి. టేపు పాతదనో, వాతావరణమనో చెప్పే అబద్ధం నోట్లో తయారుగా ఉంది. బామ్మర్ది చూస్తున్నందువల్లే నిజం చెప్పాను, నా మంచితనం వల్ల కాదు. డబ్బా ఒకటి, లోపలిది ఒకటి, చేసింది నేను అన్నాను. కాక తన సంచి తెరిచి పెట్టె తీసి, గుసగుసగా అన్నాడు:

"గిండ్ల వెయ్యిరా. దీనికి నీ అంత తెలివి లేదు."

ఆ పెట్టెకు గుంటలు తడిమే వేలు లేదు. బుస తగ్గించే మీట లేదు. అది ప్రతి టేపునూ మామూలు టేపనే అనుకుంటుంది. అందుకని అది ఏ తగ్గింపూ ఇవ్వలేదు. రికార్డులో పెంచిన స్వరాలు పెంచినట్టే వచ్చాయి, పోయినవాటి లోటు చాలావరకు పూడింది. తాళం మళ్లీ ఇత్తడి అయింది. చీరుకుపోయిన ఆ చివరి చరణం కూడా చీరుకుపోయినట్టే వినిపించింది. కాకపోతే బుస, నేను ఇన్నాళ్లూ శత్రువులా తరిమిన బుస, పాట వెనక నిండుగా నిలబడింది.

ఆ బుసకు క్షమాపణ చెప్పబోయాను. కాక చెయ్యెత్తి ఆపాడు. గనిని వాళ్లు బాయి అంటారు, లోపలికి గాలి పంపే యంత్రాన్ని పంకా అంటారు.

"బాయిల పంకా సప్పుడు గిట్లనే ఉంటది. అది తిరిగినంతసేపు మాకు ధైర్నం. బంద్ అయితెనే భయం. ఉండనీ."

టేపును మామూలు డబ్బాలోకి మార్చి, బుస తగ్గించే మీట నొక్కకుండా వినాలని పైన రాసి ఇచ్చాను. ఆయన నాగ్‌పూర్ వెళ్లొచ్చాడు. ఇప్పుడు నెమ్మదిగా మాట్లాడతాడు, ఇంకా పాడడు. సాయంత్రం భజన సాధనలో ఆ పెట్టెను మధ్యలో పెడతారు. మొదట బుస వస్తుంది. అది మొదలవగానే అందరూ కబుర్లు ఆపి సర్దుకుని కూర్చుంటారు, కాక మీట మీద నుంచి వేలు తీస్తాడు.

నేను కూడా అప్పుడప్పుడు వెళ్లి వెనక కూర్చుంటాను. క్రోమ్ డబ్బాలన్నీ విప్పేశానని చెప్పాలని ఉంది కానీ, మరీ మెరిసేవి కొన్ని అలమారాలో ఇంకా ఉన్నాయి. వాటి మీద "లోపల మామూలుదే" అని బామ్మర్ది చీటీలు అంటించాడు. చీటీలు నా చొక్కాకు కూడా సరిపోతాయని అన్నాడు.