మూడు గంటలు వెనకబడిన టైమ్ స్విచ్

1986 ఫిబ్రవరి 10, సోమవారం, మధ్యాహ్నం సరిగ్గా రెండు గంటలకు, ఆళ్ళగడ్డలోని మా పత్తి మిల్లు అతిథిగృహంలో హీటర్లు నా చెయ్యి తగలకుండానే వెలిగాయి.

మిల్లులో రెండింటికి షిఫ్టు ముగిస్తే మరలు ఐదింటికిగానీ మళ్లీ తిరగవు. ఆ ఖాళీలో ఎంత వాడినా, నెల బిల్లును పెంచే మిల్లు గరిష్ఠ లోడు పెరగదు గనుక, యజమాని అతిథిగృహం మీటరుకు ఆ మూడు గంటలు సగం ధరే లెక్కగట్టేవాడు. నీటి హీటర్లూ, దుప్పట్లు ఉతికే మెషినూ అప్పుడే నడవాలి. నాలుగేళ్లుగా రెండింటికి స్విచ్ వేసి, ఐదింటికి తీసినవాణ్ణి నేను.

ఆ పనిని నా తోడల్లుడు, మా యజమానిదే అయిన నంద్యాల మిల్లులో ఎలక్ట్రీషియన్, కరెంటుతో తిరిగే ఒక గడియారపు చక్రానికి అప్పగించాడు. చక్రం మీది మేకు రెండింటికి కాంటాక్టరు స్విచ్చును కలుపుతుంది, మరో మేకు ఐదింటికి విడదీస్తుంది. మెషిన్ నాబ్ తిప్పి ఉంచితే చాలు, కరెంటు అందగానే ఉతుకుతుంది.

"మా చెల్లెలి మొగుడు పండుకున్నా పని జరుగుతాండాది. నువ్వు మాత్రం అన్నం ముద్ద వదిలి ఉరుకుతాంటివి" అంది నా భార్య.

నాకు అన్నం సయించలేదు. నంద్యాలలో సూపర్‌వైజర్ ఉద్యోగం ఖాళీగా ఉంది. ఇద్దరం అడిగాం. ఆ చక్రం అతనికే ఇప్పిస్తుందని తెలుస్తూనే ఉంది.

సాయంత్రం కరెంటు ముప్పై ఐదు నిమిషాలు పోయింది. చక్రమూ అంతసేపు ఆగింది. నంద్యాలలో వెంటనే జనరేటర్ అందుకుంటుంది కాబట్టి అతనికి ఆ ఆలోచనే రాలేదు. నాకు వచ్చింది. ముల్లు సరిచేయలేదు, ఫోనూ చేయలేదు. డైరీలో రాసుకున్నాను. మంగళవారం యాభై, బుధవారం ఇరవై, గురువారం నలభై ఐదు, శుక్రవారం పొద్దున ముప్పై. మొత్తం నూట ఎనభై నిమిషాలు.

గురువారం దాకా ఆలస్యంగా వెలిగినా, ఐదింటికల్లా నీళ్లు కాగి హీటర్లు వాటంతటవే ఆగేవి. శుక్రవారం రెండింటికి అవి వెలగలేదు. ఐదింటికి, మరలన్నీ మొదలయ్యే క్షణాన, వాటితోపాటే వెలిగాయి. మిల్లు లోడు ఆ నెలలో ఎన్నడూ లేనంత పైకెక్కింది.

శనివారం యజమాని ఇద్దరినీ పిలిపించాడు. తోడల్లుడు తలవంచుకు నిలబడ్డాడు. నేను గర్వంగా డైరీ ముందు పెట్టి, తప్పెక్కడుందో నిమిషాలతో సహా చూపించాను.

యజమాని పేజీ వెనక్కి తిప్పాడు. "సోమవారమే రాసినావే. అప్పుడేల చెప్పలేదప్పా?"



తోడల్లుడు నావైపు చూశాడు. "అన్నా, ఒక్క మాట ఫోన్‌లో చెప్పింటే సాలు గదా. నువ్వు చెప్తే నేనేమన్నా కాదంటానా?"

మరుసటి సోమవారం అతను స్ప్రింగ్ ఉన్న గడియారం తెచ్చి బిగించాడు. కరెంటు పోయినా అది ఆగదు.

పోయినవి: నంద్యాల ఉద్యోగం (అది అతనికే వచ్చింది), అతని నోట 'అన్నా' అన్న పిలుపు, ఆ యేడు నా భార్యకు చెల్లెలింటితో రాకపోకలు. మిగిలినవి: ఆళ్ళగడ్డలో నా పాత జీతం, డైరీలో కొట్టివేయని ఐదు పేజీలు.